నా జీతంలో కోయకూడని సగం

మా ఇంట్లో బాత్రూం కట్టించింది నా బిడ్డ కడుపులో ఉన్న బిడ్డ. మొదటి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకోవాలి కదా, తడికల చాటున స్నానం చెయ్యమని నిండు చూలాలితో ఎట్లా అంటాను? తలుపుండాలి, గొళ్లెముండాలి, కింద జారని బండలుండాలి. మేస్త్రి లెక్క చెప్పాడు. చేతిలో ఉన్నది పోగా ఇరవైనాలుగు వేలు తక్కువయ్యాయి.

నిజామాబాద్ మార్కెట్ యార్డుకు దగ్గర్లో ఒక పసుపు మిల్లులో పని చేస్తాను. రైతులు ఉడకబెట్టి ఎండబోసి తెచ్చిన పసుపులో కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి దుంపలైన మండలు ఒక దిక్కు ఏరి, పాలిష్ డ్రమ్ములోకి పంపడం మా పని. సేటును అడ్వాన్సు అడిగితే కాదనలేదు. "గుమస్తా దగ్గర కాయిదం రాసియ్యి" అన్నాడు.

ఆ కాయితం నేనే రాశాను. యాభై దాటినాక మహిళా సంఘం టీచరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఇంకొకరితో రాయిస్తానా? నాలుగు వరుసలకు ఒక పూట పట్టింది. గుమస్తా చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివాడు.

"అక్కా, గిదేంది? రెండు నెలల జీతం మొత్తం కోసుకోమని రాసినవ్?"

"అవ్ అన్నా. రెండు నెల్లల్ల సాఫ్ అయిపోవాలె."

"రెండు నెలలు ఏం తింటవ్? పసుపు కొమ్ములా?"

పక్కన మండలు ఏరుతున్న రెంజల్ ఊరి ఆమె పని ఆపేసింది. మాట పడితే చాలు, వదలదు. "తిననీ అన్నా, మస్తు నిగనిగలాడుతది. పాలిష్ డ్రమ్ముల ఎయ్యాల్సిన పనే ఉండది" అన్నది.

నాకు నవ్వు రాలేదు. అడ్వాన్సు అంటే నాకు తెలిసింది బోధన్ దిక్కు చెరుకు కోత. ముఠా మేస్త్రి సీజనుకు ముందే మా బాపు చేతిలో పైసలు పెట్టేవాడు. ఆ పైసలు తీరేదాకా చేను దాటి పోయేది లేదు. పెళ్లున్నా, చావున్నా. మా అక్క మొదటి కాన్పు కష్టమైందని కబురొస్తే కన్నతల్లి, మా అవ్వ, కొడవలి కింద పెట్టి మేస్త్రి ముందు నిలబడింది. "అడ్వాన్సు తీర్చి పో" అన్నాడు. అవ్వ పోలేదు. అక్క బతికింది కానీ, అవ్వ మీద ఆ అలక చాలా కాలం పోలేదు. అందుకే నా బిడ్డ నెలలు నిండేలోగా అడ్వాన్సు తీరిపోవాలని నా పట్టు.

ఇదంతా గుమస్తాకు చెప్పలేదు. "నా జీతం, నా ఇష్టం" అన్నాను.

"నీ ఇష్టమే, గని నా చేతులు కట్టేసి ఉన్నయ్" అన్నాడు. "జీతంల కోతలన్నీ కలిపినా సగం దాటొద్దు. గది కానూను. నువ్వు సంతకం పెట్టినా, సేటు సంతకం పెట్టినా నడవది."

నాది నెలకు పద్నాలుగు వేలు. అందులో సగం ఏడు వేలు. పీఎఫ్, ఈఎస్ఐ కలిపి పద్దెనిమిది వందల దాకా ముందే పోతాయి, అవీ ఆ సగంలోనే లెక్క. ఇక అడ్వాన్సుకు మిగిలే జాగా అయిదు వేల పైచిలుకే. అంచు దాకా కోయడం తన కలానికి ఇష్టం లేదని, నెలకు నాలుగు వేల చొప్పున ఆరు సమాన కిస్తీలు రాశాడు. వడ్డీ లేదు.

"గీ కిందిసగం ఉన్నది సూడు" అని వేలు పెట్టి చూపించాడు, "నువ్వు కాళ్లు మొక్కినా గది ముట్ట."

"గుమస్తన్న కాళ్లు మొక్కుడు ఎందుకక్కా, టీ తాగిస్తే ఒప్పుకుంటడు" అన్నది రెంజల్ ఆమె.

టీ తాగించాను. తాగాడు కానీ ఒప్పుకోలేదు.

బాత్రూం తయారైంది. మేస్త్రి చవకగా దొరికాయని పసుపు రంగు బండలు వేశాడు. పొద్దంతా మిల్లులో పసుపు, ఇంటికొస్తే బాత్రూంలో పసుపు. అత్తగారి ఊరు వేల్పూర్ నుంచి వచ్చిన నా బిడ్డ తలుపు తీసి చూసి, "అవ్వా, మిల్లు ఇంటికే తెచ్చినవా?" అని కడుపు పట్టుకుని నవ్వింది. రెండు కిస్తీలు అప్పటికే పోయాయి. మూడో నెల మొదలైంది.

ఆ నెల నడుమ, డాక్టరమ్మ చెప్పిన దానికంటే ముందే నొప్పులొచ్చాయి. పొరుగామెతో సర్కారు దవాఖానకు పంపి, నేను మిల్లుకు పోయాను. చదువుతుంటే మీకు ఎట్లా ఉందో తెలియదు కానీ, ఆ పొద్దు నాకది న్యాయంగానే తోచింది. అడ్వాన్సు నెత్తి మీదున్న మనిషి ఎట్లా పోతుంది?

కొమ్ములలో మండలు, మండలలో కొమ్ములు వేస్తున్నాను. రెంజల్ ఆమె చూసింది.

"ఏమైందే? పొద్దటి సంది ఏర్తున్నవా, కలుపుతున్నవా?"

చెప్పాను. ఆమె చేతిలోని మండలు కింద పడేసింది. లేచి పోయి గుమస్తాను పిలుచుకొచ్చింది.

"అక్కా, బిడ్డ దవాఖానల ఉంటే నువ్వు ఈడ ఎందుకున్నవ్?"

"అడ్వాన్సు తీరలే గదన్నా."

ఆయన నన్ను చూసి, రెంజల్ ఆమెను చూసి, మళ్లీ నన్ను చూశాడు. "అడ్వాన్సు పైసలిచ్చినం, నీకు తాడు కట్టలే. లీవు రాసి పో."

"జీతం తగ్గుతది. కిస్తీ ఎట్ల కోస్తవ్?"

"జీతం తగ్గితే సగం గూడ తగ్గుతది. కిస్తీ గూడ తగ్గుతది. మిగిలింది ఎనుకకు జరుగుతది. గది నా లెక్క, నీకెందుకు? నువ్వు ముందల ఆటో ఎక్కు."

రెంజల్ ఆమె నా ముందున్న గంప పక్కకు లాగింది. "చేతులు కడుక్కొని పో తల్లీ. పుట్టంగనే పిల్లకు పసుపు నలుగు పెడ్తవా ఏంది?"

చేతులు కడుక్కోలేదు. ఆటో ఎక్కాను. నేను పోయేసరికి నా బిడ్డ మంచం పట్టె పట్టుకుని, గుడ్లెర్రజేసి వాకిలి దిక్కే చూస్తున్నది. "ఇప్పుడొస్తవా అవ్వా!" అని నా చెయ్యి ఎంత గట్టిగా పిసికిందంటే, మరునాటికి కూడా ఆమె అరచేతికి అంటిన పసుపు పోలేదు. పొద్దుగూకక ముందే ఆడపిల్ల పుట్టింది.

పదిహేను రోజులు ఇంటి దగ్గరే ఉన్నాను. ఆ నెల జీతం ఏడు వేలే వచ్చింది. చీటీ అందుకుని కూడబలుక్కుని చదివాను. అడ్వాన్సు కింద రెండు వేలే కోశారు.

"అన్నా, సమానం సమానం అంటివి. గీ నెల రెండు వేలేంది?"

"ఏడు వేలల్ల సగం ఎంత?"

"మూడున్నర."

"పీఎఫ్, ఈఎస్ఐ తొమ్మిది వందల దాకా పోయినయ్. ఇంక నాలుగు వేలు కోస్తే సగం దాటదా? గందుకే రెండు. తక్కువైన రెండు వేలకు ఏడో నెల పెట్టిన."

"ఏడో నెలా?" అన్నాను. నా ముఖం చూసి ఆయనకు నవ్వాగలేదు. "అప్పు కట్టనోళ్లను చూసిన గని అక్కా, కోయలేదని కొట్లాటకొచ్చినోళ్లను నిన్నే చూసిన" అన్నాడు.

ఏడో నెల కూడా వచ్చింది, పోయింది. నా బిడ్డ వేల్పూర్ పోయేటప్పుడు మిల్లు వాళ్లందరికీ మిఠాయి పంచమని ఇచ్చింది. గుమస్తాకు రెండు ముక్కలు పెట్టాను. ఒకటి తిని, రెండోది చేతిలో పట్టుకుని, "అక్కా, మల్ల ఎప్పుడు తీసుకుంటవ్ అడ్వాన్సు?" అన్నాడు.

"రెండో కాన్పుకు" అన్నది రెంజల్ ఆమె, నేను నోరు తెరవక ముందే. "గప్పుడు బండలు ఎర్రయి ఏయించు."