మెయిల్లో నేను కొట్టేసిన వాక్యం

ఉద్యోగం పోయిందని చెప్పే ఉత్తరం ఎలా రాయాలో ఏ కాలేజీలోనూ నేర్పరు. నేను చదివిన హెచ్.ఆర్. కోర్సులో మనుషుల్ని ఎలా తీసుకోవాలో నాలుగు పాఠాలున్నాయి, ఎలా పంపాలో అర పేజీ ఉంది. ఆ అర పేజీ కూడా పరీక్షలో రాదని మాస్టారు వదిలేశారు.

మాది కార్ల సీట్లకు కవర్లు కుట్టే చిన్న ఫ్యాక్టరీ. సోమందేపల్లి దాటి పెనుకొండకు వెళ్లే దారిలో, హైవేకు కాస్త లోపలగా ఉంటుంది. నేను హిందూపురం నుంచి కంపెనీ బస్సులో వచ్చేదాన్ని. ఉన్నవి రెండు కుట్టు లైన్లు. కవర్లు కొనే కంపెనీ ఒక కారు మోడల్‌ను ఆపేయడంతో రెండో లైనుకు పని లేకుండా పోయింది. కొన్నాళ్లు మిషన్లకు నూనె పెట్టించాం, నేల కడిగించాం, ఉన్న ఆర్డరునే అటూ ఇటూ పంచి ఇచ్చాం. చివరికి రెండో లైను మూసేయాలని హెడ్డాఫీసు తేల్చింది. ఆ సంగతి అందరికీ మెయిల్ పెట్టే పని నా నెత్తిన పడింది.

ఇంగ్లీషులో ఒక నమూనా పంపారు. అందులో 'పునర్వ్యవస్థీకరణ' అనే అర్థం వచ్చే మాట ఏడెనిమిది సార్లుంది, ఉద్యోగం పోతుందన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండింది. చదివినవాళ్లకు తమ ఉద్యోగం ఉందో లేదో తెలియకపోతే అదేం ఉత్తరం? దాన్ని పక్కన పెట్టి తెలుగులో మొదలుపెట్టాను. రెండో లైను మూతపడుతోంది. కారణం ఆర్డరు ఆగిపోవడం, మీ పనిలో లోపం కాదు. ఒకే రకం పని చేసేవాళ్లలో చివర చేరినవారిని ముందు పంపాలన్నది చట్టం, రెండో లైనువారంతా తర్వాత చేరినవారే కాబట్టి అదే పాటించాం. ప్రతి ఒక్కరికీ విడిగా నోటీసు కాగితం చేతికిస్తాం, నెల గడువు ఉంటుంది, రావలసిన పరిహారం ఆ కాగితంలోనే రాసి ఉంటుంది. పి.ఎఫ్. పనులకూ అనుభవ పత్రానికీ ఎవరి దగ్గరికి రావాలో రాశాను. ఇ.ఎస్.ఐ. వైద్యం ఎప్పటిదాకా అందుతుందో నాకే గట్టిగా తెలియలేదు. అందుకే, కనుక్కుని ఫలానా రోజున బోర్డు మీద పెడతామని రాశాను. తెలియనిది తెలియదని రాయడానికి మొదట చెయ్యి రాలేదు. రాశాక తేలిగ్గా అనిపించింది.

మా మేనేజరు గారు అది చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత చివర తన చేత్తో ఒక వాక్యం చేర్చారు: 'పరిస్థితి మెరుగుపడగానే మిమ్మల్నందరినీ తిరిగి పిలుస్తాం.'

"మనకు కొత్త ఆర్డరేమైనా వస్తోందా సార్?" అని అడిగాను.

"ఇంకా ఏమీ లేదమ్మా."

"మరి ఎట్లా పిలుస్తాం?"

"ఒక మంచి మాట రాస్తే మన సొమ్మేం పోతుంది? పాపం, ఇంటికి పొయ్యేటప్పుడు కాస్త ధైర్యంగా పోతారు."

ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ వాక్యం వాళ్ల కోసం ఎంత రాశారో తన కోసం కూడా అంతే రాసుకున్నారని నాకు అనిపించింది. హెడ్డాఫీసుతో మాట్లాడి చెబుతానని బయటికి వచ్చాను.

మెయిల్ పదింటికల్లా వెళ్లేలా పెడదామని చిరునామాలు సరిచూస్తుంటే అసలు చిక్కు కనిపించింది. లైను మీద పనిచేసేవాళ్ల మెయిల్ ఐడీలన్నీ పూల పేర్లు, క్రికెట్ ఆటగాళ్ల పేర్లు, చిట్టి, బుజ్జి. ఉద్యోగంలో చేరేటప్పుడు మెయిల్ ఐడీ అడిగితే అందరూ ఇంట్లో పిల్లలవి ఇచ్చారు. నెలనెలా జీతం చీటీ వచ్చేది ఆ ఫోన్లకే. పదింటికి ఈ మెయిల్ వదిలితే, నాయన మిషను మీద కుడుతూ ఉండగానే కూతురు కాలేజీలో కూర్చుని నాయన ఉద్యోగం పోయిందని చదువుతుంది. ఆఫీసులో అందరమూ ఆ ఐడీలను చూస్తూనే ఉన్నాం, పిల్లల పేర్లు ముద్దుగా ఉన్నాయని నవ్వుకున్నాం కూడా.

మెయిల్ ఆపి మేనేజరు గారి దగ్గరికి పరుగెత్తాను. ముందు మనుషులకు చెప్పాలి, నోటీసు చేతికివ్వాలి, అందరికీ ఇచ్చాకే మెయిల్ పోవాలి. ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. సాయంత్రం పని ముగిశాక క్యాంటీనులో అందరినీ కూర్చోబెట్టి ఆయనే చదవాలని అనుకున్నాం. చివరి వాక్యం సంగతి మాత్రం తేలలేదు.

దాన్ని తేల్చింది రెండో లైనులో కుట్టే ఒక మనిషి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటివాడు. భార్యాబిడ్డలతో పెనుకొండలో అద్దెకుంటాడు. పని తగ్గినప్పటినుంచీ లైనులో గుసగుసలు ఉన్నాయి. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడం, లైను ఎత్తేస్తారంట కదా. ఎత్తేసినా మళ్లా పిలుస్తారని అనుకుంటాండారు. నిజమేనా?"

"సాయంత్రం సారే అందరికీ చెప్తారన్నా."

"అది కాదు మేడం. ధర్మవరంలో మా ఇంట్లో, నేను కాళ్లు దించి కూర్చోని నేసిన మగ్గం గుంత ఖాళీగా ఉండాది. మా అన్న దాన్ని పూడ్చి, సిమెంటు ఏసి, ఆ రూము బాడుగకు ఇస్తానంటాండాడు. రేపు పొద్దున ట్రాక్టరు మట్టి తోలిస్తాడంట. మీరు మళ్లా పిలిచేదుంటే పూడ్చుకోమంటా. లేదంటే ఆపమని చెప్పల్ల. ఒకసారి పూడ్చినాక ఆడ మళ్లా తవ్వేది మా చేత కాదు."

సాయంత్రం దాకా నోరు విప్పకూడదు నేను. "సారు చదివేది పూర్తిగా విని, అప్పుడు మీ అన్నకు ఫోన్ చెయ్యి. అంతకుముందు వద్దు" అని మాత్రం అన్నాను. అతను వెళ్లగానే మేనేజరు గారి గదిలోకి పోయి, మట్టి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తన చేత్తో చేర్చిన వాక్యాన్ని మరోసారి చదువుకున్నారు. "కొట్టెయ్" అన్నారు. హెడ్డాఫీసు కూడా సరేనన్నాక దాని చోట ఇలా రాశాను: 'ఇదే పనికి మళ్లీ మనుషుల్ని తీసుకుంటే, చట్టప్రకారం ముందుగా మీకే కబురు చేస్తాం. కానీ అలాంటి ఆర్డరేదీ ఇప్పుడు మా చేతిలో లేదు. ఆ కబురు కోసం వేరే పని వదులుకోకండి.'

సాయంత్రం ఆయన ఒక్క మాట కూడా వదలకుండా చదివారు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఒకావిడ మాత్రం, "చెప్పినారు, అంతే చాలు" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. నోటీసులు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఇచ్చాను.

ఆ ధర్మవరం మనిషి తన కాగితం తీసుకుని మళ్లీ అడిగాడు. "పిలిచేది లేదంటారా మేడం?"

ఆ ఒక్క క్షణం, మేనేజరు గారు ఆ వాక్యం ఎందుకు రాశారో నాకు పూర్తిగా అర్థమైంది. నా నాలుక మీదికీ అదే వచ్చింది. "నాకు తెలిసినంతలో లేదన్నా" అన్నాను.

అతను తలూపి, అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. "అన్నా, మట్టి తోలించద్దు... లేదు... నేనే వచ్చి కూర్చుంటా." అవతల ఏమన్నారో వినపడలేదు. తర్వాత ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు.

"మా అన్న ఏడుస్తాండాడు మేడం. నువ్వన్నా ఈ గుంతలోనుంచి బయటపడు అని నన్ను ఈడికి పంపించింది ఆయనే."

ఆ వాక్యం అలాగే ఉంచి ఉంటే ఆ అన్న ఆ సాయంత్రం ఏడ్చేవాడు కాదు. ఆ సంగతి తెలిసే, నా బల్ల దగ్గరికి పోయి, ఆ వాక్యం లేని మెయిలే పంపించాను.