అంటు వీడియో ఆగిన చోట్లు

ఆ వీడియో చేసింది నేనే, కాబట్టి తిట్టాల్సి వస్తే నన్నే తిట్టాలి. కానీ ముందు చాలా రోజులు నేను ఆవిడనే తిట్టాను.

ఆగిరిపల్లి దగ్గర మా అన్నయ్యకి మామిడి నర్సరీ ఉంది. ఉద్యానవన డిప్లొమా చదివి నేనూ అందులోనే పనిచేస్తున్నాను. మూడేళ్ల క్రితం అంటు కట్టడం, అంటే టెంక నుంచి మొలిచిన మొక్కని చీల్చి అందులో మంచి చెట్టు పుల్ల దూర్చి కట్టడం, ఎలాగో పదకొండు నిమిషాల వీడియో చేసి యూట్యూబ్‌లో పెట్టాను. చాలామంది చూశారు. పెళ్లిళ్లలో చుట్టాలు "నువ్వేగా ఆ అంటు వీడియో అమ్మాయివి" అని పలకరించేవాళ్లు. నేనూ బాగానే ఉబ్బిపోయాను.

నిరుడు వానలు మొదలయ్యాక, సీజన్‌లో మా దగ్గర కాయలు ఏరి గంపలు మోసే ఒకావిడ అన్నయ్య దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మోకాలు అరిగిపోయింది, వరి నాట్లకి వంగలేనండీ, కూర్చుని అంటు కట్టే పని ఇప్పించండి అని అడిగింది. అన్నయ్య మొహమాటానికి యాభై మొక్కలు చూపించాడు. "ఇవి కట్టు. సగమైనా చిగురిస్తే పనిలో ఉంచుతా. లేకపోతే నాట్లకే పో." నేను ఆవిడ చేతికి ఫోనిచ్చి నా వీడియో పెట్టాను. పక్కన కూర్చుని చూపించొచ్చుగా అంటారేమో, రెండుసార్లు చూపించాను. నా చేతులు అలవాటు మీద గబగబా పోతాయి, ఆవిడ కళ్లకి అందవు. వీడియో అయితే ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పుకోవచ్చు కదా అనుకున్నాను.

తిప్పింది. అమ్మో, ఎంత తిప్పింది! షెడ్డంతా నా గొంతే. "ఇప్పుడు పుల్లని రెండు వైపులా..." మళ్లీ "ఇప్పుడు పుల్లని రెండు వైపులా..." మధ్యాహ్నానికి నా గొంతంటే నాకే చిర్రెత్తుకొచ్చింది. పైగా చేతినిండా మామిడి సొన, ఆ వేలితో నొక్కితే ఫోన్ పలకదు. కొంగుకి తుడుచుకోవడం, నొక్కడం, దాటిపోయిందని మళ్లీ వెనక్కి లాగడం.

"ఎన్నిసార్లు చూస్తావక్కా, అంత అర్థం కానిది అందులో ఏముంది?" అని అరిచాను.

"అర్థమవుద్ది అమ్మాయిగారూ. కోసేసరికి మర్చిపోతన్నా," అంది, తల ఎత్తకుండా.

మూడు వారాలకి యాభైలో నాలుగు చిగురించాయి. మిగతా పుల్లలు కట్టు దగ్గర నల్లబడి ఎండిపోయాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటీ తాకి చూసుకుంటుంటే నాకు కోపం, జాలి రెండూ వచ్చాయి, ముందు వచ్చింది మాత్రం కోపమే. అన్నయ్యని బతిమాలి ఇంకో యాభై ఇప్పించాను. "ఇదే ఆఖరు," అన్నాడు. నాట్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, నాట్లేసే ముఠావాళ్లు ఆవిడకి రోజూ కబురు పెడుతూనే ఉన్నారు.

ఈసారి వీడియోని కాగితం మీద పెడదామనుకున్నాను. ఆవిడ ఐదో తరగతి దాకా చదివింది, నెమ్మదిగా చదువుతుంది. పాత పుల్లల మీద కొయ్యమని ఫోనిచ్చి, నోట్‌బుక్ పట్టుకుని వెనక కూర్చున్నాను. రెండు గడులు గీశాను. ఎన్నో నిమిషం దగ్గర వెనక్కి తిప్పింది, ఎన్నో నిమిషం దగ్గర ఆపింది.

వెనక్కి తిప్పిన ప్రతి చోటా నా తప్పే దొరికింది. పుల్ల పెన్సిలంత లావుండాలని, దాన్ని కోసేశాక చెప్పాను. చీలిక ఎంత పొడుగో నోటితో చెప్పనేలేదు, చూపించిన చోట నా అరచేయే అడ్డం. పుల్ల తొక్క, మొక్క తొక్క ఒక పక్కైనా సరిగ్గా ఆనాలన్న అసలు మాట, టేపు చుట్టడం అయిపోయాక "అన్నట్టు" అంటూ చెప్పాను. అన్నట్టట! నాకే ఒళ్లు మండింది. ఇంతకాలం దీన్ని చూసి మెచ్చుకున్నవాళ్లు ఏం చూసి మెచ్చుకున్నారో దేవుడికే తెలియాలి.

అలాంటి ప్రతి చోటా రెండేసి వాక్యాలు కలిపి, నలభై ఒక్క మెట్ల కాగితం తయారుచేసి ఆవిడ ముందు తగిలించాను. ఏ సందేహానికైనా అందులో జవాబుంది. పది మొక్కల మీద కట్టి చూడమన్నాను.

టెంక మొక్క తల కోసింది, నిలువుగా చీల్చింది, కాగితం చూసింది. పుల్లని ఒక వైపు చెక్కింది, కాగితం చూసింది. వేలు పెట్టి పదిహేడో మెట్టు వెతికింది. రెండో వైపు చెక్కి, టేపు చుట్ట కోసం లేచింది. టేపు ముక్కలుగా కోసి లేదు. కత్తెర ఎక్కడో ఉంది. ఆ లోపల బల్ల మీద పుల్ల అలాగే ఉంది. పాలలా తెల్లగా ఉన్న కోత మెల్లగా రంగు మారుతోంది.

నాకు అరవాలనిపించింది. అరవకుండా నోట్‌బుక్ తీసి మూడో గడి గీశాను. ఆగిన ప్రతిసారీ చేతుల్లో ఏముంది?

కోసిన పుల్ల. కోసిన పుల్ల. చీల్చిన మొక్క. కోసిన పుల్ల.

మొదటి యాభైలో పోయినవన్నీ ఇలాగే పోయాయి. ఆవిడకి చేతకాక కాదు. కోత ఆరకముందే కట్టాలి, నా వీడియో ఆవిడని సరిగ్గా కోత తెరిచిన ప్రతిసారీ ఆపింది. నా కాగితం కూడా అదే చేస్తోంది, ఇంకా శ్రద్ధగా.

రాసిందంతా చింపేశాను. వెనక్కి తిప్పిన చోట్లన్నీ కత్తి పట్టకముందు చదివే మాటలయ్యాయి. ఆపిన చోట్లన్నీ ముందే పక్కన పెట్టుకునే వస్తువులయ్యాయి. టేపు ముక్కలు కోసి మోకాలి మీద వేసుకో, పైన తొడిగే ప్లాస్టిక్ కవరు పక్కన పెట్టుకో, చెట్టు మీద ఉండగానే ఆకులు తీసి వారం దాటిన పుల్లల్నే కోసి తెచ్చుకో. పొడుగు కొలవడానికి రెండు వేళ్ల వెడల్పు అని రాశాను. పది పనికిరాని పుల్లల మీద చెక్కడం అలవాటు చేసుకో అని రాశాను. తర్వాత అడ్డంగా ఒక గీత. గీత కింద ఒక్కటే వాక్యం: చీల్చు, చెక్కు, దూర్చు, తొక్కకి తొక్క ఆనించు, చుట్టు, కవరు తొడుగు.

"మధ్యలో మర్చిపోతేనండీ?"

"మర్చిపోతే ఆ పుల్ల పారేసి కొత్తది తీసుకో. కాగితం మాత్రం చూడకు."

రెండో యాభై అలా కట్టింది. షెడ్డులో నా గొంతు వినపడలేదు, అదో సుఖం. కాగితానికి సొన మరకలు గీత పైనే పడ్డాయి, కింద ఒక్కటి లేదు.

మూడు వారాలకి ముప్పై ఆరు చిగురించాయి. అన్నయ్య వరస వెంట నడుస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు. "రేపట్నించి పొద్దున్నే వచ్చెయ్," అన్నాడు. ఆవిడ కూర్చున్న పీటని ఇంకాస్త ముందుకి జరుపుకుంది. అన్నయ్య వెళ్లాక నా వైపు తిరిగింది.

"ఒకటడగనా అమ్మాయిగారూ? వీడియోలో మీరు కట్టారే, ఆ మొక్క ఎక్కడుందండీ? కాపుకొచ్చే ఉంటది."

నా మొహం వేడెక్కింది. వీడియో తీసిన రోజు వదిన ఫోన్ పట్టుకుంది. పుల్ల చెక్కాక వెలుతురు చాల్లేదని ఆపించాను. కొంగు అడ్డొచ్చిందని మళ్లీ ఆపించాను. తర్వాత ఆ ఆగిన చోట్లన్నీ కత్తిరించి, ఒక్క ఊపులో కట్టినట్టు అతికించాను. తొమ్మిదో రోజుకి పుల్ల నల్లబడింది. చీమలు పట్టాయని అన్నయ్యకి చెప్పి ఎరువు గుంటలో పారేశాను. ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఈవిడ మొదటి యాభైలో చాలా బతికేవి.

"చచ్చిపోయిందక్కా," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "అయితే చూసేవోళ్లకి చెప్పండి మరి," అని కత్తి తుడుచుకుంది.

ఆ పూటే ఫోన్ తీసి వీడియో కింద మొదటి వరస రాశాను. "ఇందులో నేను కట్టిన అంటు బతకలేదు." దాని కింద కాగితం ఫోటో లింకు పెట్టాను, సొన మరకలతో సహా.