డబ్బా వెనకవైపు చదివే సార్

కరుణాకర్ సార్‌కి ఒక పిచ్చి ఉంది. చేతికి ఏ డబ్బా వచ్చినా తిప్పి వెనకవైపు చదవందే వదలరు. మా ఇంటికొస్తే బిస్కెట్ ప్యాకెట్ కూడా తిప్పి చదివారు. అప్పుడు నవ్వుకున్నాను.

ఆయనది హుస్నాబాద్‌లో నేత కుటుంబం. బడి వదలగానే బాపు పక్కన కూర్చుని నూలు చుట్టేవారట. తర్వాత పరుగు పందేల్లో పడ్డారు. మోకాలు దెబ్బతిని పరుగు ఆగిపోయాక, అసలు మనిషి ఎట్లా పరుగెత్తుతాడో తెలుసుకోవాలన్న కుతూహలంతో చదువుకున్నారు. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక వ్యాయామ కాలేజీలో క్రీడా విజ్ఞానం చెబుతారు. నాకూ అక్కడే పాఠం చెప్పారు.

నేను వనజని, మంచిర్యాలలో ఒక బడిలో పీఈటీని. నోరు పెద్దది, ఓపిక తక్కువ. మా కబడ్డీ జట్టు ప్రాణం తొమ్మిదో తరగతి నూరీన్. జిల్లా ఎంపికలకు ఇంకా ఆరు రోజులున్నాయి. యాభై ఐదు కిలోలు దాటితే మ్యాట్ ఎక్కనివ్వరు. పోయిన వారం తూచినప్పుడు నూరీన్ యాభై నాలుగు, అందుకని నాకు ఏ దిగులూ లేదు. పిల్లలంతా కండలు పెంచే పౌడర్, క్రియాటిన్ అంటూ ఒకటే గోల చేస్తుంటే, ఆ సంగతేదో చెప్పమని సార్‌ను బడికి పిలిచాను.

"గిది విషం కాదు, అమృతం కాదు. స్టెరాయిడ్ అసలే కాదు" అని మొదలుపెట్టారు సార్. "మన కాలేయం, కిడ్నీలు రోజూ కొంత తయారుచేస్తయి. మాంసంల, చేపలల్ల దొరుకుతది. ఉన్నదాంట్ల చాలా మట్టుకు కండలల్లనే ఉంటది. కూతకు పోయి ఒక్క ఉదుటున తప్పించుకుంటవు చూడు, ఆ కొన్ని సెకండ్ల శక్తిని ఎంటనే మళ్ల నింపేది గదే."

"మరి పౌడర్ పనిచేస్తదా సార్?" అన్నారెవరో వెనక నుంచి.

"కసరత్తు చేసే పెద్దోళ్లకు కొంత పనిచేస్తది. కిడ్నీలు కరాబైతయంటరు గని, ఆరోగ్యంగున్నోళ్లు సరైన మోతాదుల వాడితే అట్ల కనబడలే. మీ వయసోళ్ల మీద పరిశోధన తక్కువ, అందుకే డాక్టర్లు వద్దంటరు. తెలిసింది తెలిసిందనాలె, తెల్వంది తెల్వదనాలె. ప్రకటనలకు ఆ రెండో మాట రాదు."

అప్పుడు నూరీన్ లేచి, సంచిలోంచి ఒక డబ్బా తీసింది. వాళ్లన్న అమ్జద్ జిమ్‌కు తీసుకెళ్లేదట.

"సార్, ప్రకటనల, మొదటి వారం రోజుకు నాలుగు చెంచాలని చెప్పిండ్రు. ఐదు రోజులే తాగిన. కిలో మీద కండ పెరిగింది. అబద్ధమెట్లయితది?"

సార్‌కు కోపం రాలేదు. కళ్లు మెరిశాయి.

"మంచి ప్రశ్న. బరువు మిషన్ తెండ్రి."

యాభై ఐదు కిలోల నాలుగు వందల గ్రాములు. దించి మళ్లీ ఎక్కించాను. అదే అంకె.

"మా బాపు వానకాలం నూలు తూచి చూపెట్టేటోడు" అన్నారు సార్ నెమ్మదిగా. "తేమ పట్టి బరువెక్కుతది, దారం ఒక్క మూర పెరగది. క్రియాటిన్ ముందుగాల కండలల్లకు నీళ్లు గుంజుతది బిడ్డా. ఐదు రోజుల్ల పెరిగింది కండ కాదు, నీళ్లు."

డబ్బా తిప్పి ఆమె చేతికిచ్చారు. నూరీన్ సన్న అక్షరాలను కూడబలుక్కుంటూ చదివింది. పద్దెనిమిదేళ్ల లోపు వారికి కాదని ఉంది.

"ఇయ్యాల బందు పెడితే ఆరు రోజుల్ల పోతదా సార్?"

"కండల చేరింది పాత లెక్కకు రావాలంటే నాలుగు వారాల దాకా పడుతది, ఇంకెక్కువ కూడా. బరువు కొంత ముందే తగ్గొచ్చు. ఎంతనో నేను చెప్పలేను. తిండి, నీళ్లు మాత్రం బందు పెట్టకు, అది ప్రమాదం." ఆపైన అడిగారు. "ఆ ప్రకటన ఏడ చూసినవ్?"

నూరీన్ తల దించుకుంది. జట్టంతా కిటికీల వైపు చూసింది. నా తప్పు దాస్తున్నారని అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను. మా జట్టు వాట్సాప్ గ్రూపులో ఆ ప్రకటన వీడియో పెట్టింది నేనే. పూర్తిగా చూడనైనా లేదు. కింద "ట్రై చేయండి" అని కూడా రాశాను.

లేచి నిలబడి ఆ మాట అందరి ముందూ చెప్పేశాను. సార్ తలూపి బరువు మిషన్ పక్కకు జరిపారు. తిట్టినా బాగుండేది.

ఎంపికల రోజు నూరీన్ మామూలుగానే తిని, నీళ్లు తాగి వచ్చింది. మిషన్ మీద యాభై ఐదు కిలోల రెండు వందల గ్రాములు చూపించింది. మ్యాట్ ఎక్కనివ్వలేదు. నాకు దుఃఖం ఆగలేదు. ఆమే నా బ్యాగులోంచి రుమాలు తీసి నాకిచ్చింది. దాంతోపాటు బయటికొచ్చిన గ్లూకోజు ప్యాకెట్‌ను తిప్పి నా ముందు పెట్టింది.

"వచ్చే ఏడు మల్ల వస్త మేడం. గీసారి ఎనకదిక్కు మీరు సదువుండ్రి."