మబ్బు గురించి అబద్ధమాడరు

ఓడ్లౌగ్ చాలా శీతాకాలాలుగా ఉత్తర ధ్రువం దగ్గరి ట్రోమ్సో ఊరి నుంచి, రాత్రి ఆకాశంలో ఆడే ఉత్తర వెలుగులు చూపించే బస్సు నడుపుతోంది. నవ్వదు, బతిమాలదు. ఆ బస్సు బాగుచేసేది నేనే. ఆ నవంబరు సాయంత్రం వెనక చక్రం కీచుమంటోందంటే, వినడానికి ఆమె పక్క సీట్లో కూర్చున్నాను.

వెనక ఉన్నది ఇద్దరే: బెల్జియం నుంచి వచ్చిన గోడెలీవ్, ఆమె భర్త వౌటర్. వెలుగుల కోసం రావడం వాళ్ళకిదే మొదటిసారి. వచ్చినప్పటి నుంచి మంచులో నిలబడి మబ్బే చూశారు. తెల్లారితే విమానం.

"ఫోన్‌లో వెలుగుల జోరు అంకె ఆరు చూపిస్తోంది. ఊళ్ళోనే ఉండాల్సింది," అన్నాడు వౌటర్.

"ఇక్కడ రెండున్నా చాలు. ఆరున్నా తొమ్మిదున్నా మబ్బు అడ్డమొస్తే ఏం చూస్తారు?" అంది ఓడ్లౌగ్.

"నిన్న కూడా ఇదే చెప్పారు."

"నిన్న కూడా మబ్బే కదా!"

గోడెలీవ్ భర్తను చూపిస్తూ మాతో అంది. "ఈయన జూలైలో వద్దామన్నాడు. చవకట. జూలైలో ఇక్కడ చీకటే పడదని నేను చెబితే గాని తెలీలేదు. అలాంటి మనిషి ఇవాళ అంకెలు చదువుతున్నాడు!"

సముద్రం మీంచి పడమటి గాలి మంచు తెస్తే, కొండలకు అవతల ఉన్న షీబోట్న్ లోయలో మబ్బు విడి ఆకాశం తెరుచుకుంటుంది. మా డ్రైవర్లందరికీ ఆ లోయ గుడి లాంటిది. పొద్దున వాతావరణ వార్తల్లో పడమటి గాలే అన్నారు. ఓడ్లౌగ్ ఇంకేమీ చూడకుండా అటే బయలుదేరింది. గంటకు పైగా నడిపి, రోడ్లు చీలే కూడలి దగ్గర పెట్రోలు బంకులో ఆపింది. సాసేజ్ తింటూ తలెత్తి చూశాం. లోయ వైపు నుంచే మంచు మొహాన కొడుతోంది.

గాలి తిరిగిపోయింది. తూర్పున ఫిన్లాండ్ వైపు నుంచి వీస్తోంది; అంటే ఇక తెరిచేది సముద్రం వైపే.

"తమ్ముణ్ణి అడగరాదూ?" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపుకు సాసేజ్ పక్కన పెట్టేశాను. తమ్ముడు తోర్లైఫ్ ఒకప్పుడు ఈ బస్సులోనే సగం వాటాదారు. వేరుపడి సొంత బస్సు కొని, సముద్రం వైపు తిప్పుతున్నాడు. రెండు శీతాకాలాలుగా ఇద్దరికీ మాటల్లేవు. డ్రైవర్లందరూ ఒకరికొకరు ఆకాశం సంగతి చెప్పుకునే ఫోన్ గుంపులోంచి కూడా, అతనున్నాడని, ఈమె తప్పుకుంది.

"ఇంకెంతసేపు నిలబడాలి? చూడకుండానే పడుకోడానికి వెళ్ళిపోవడమేనా?" అంటూ గోడెలీవ్ ఓడ్లౌగ్ చెయ్యి పట్టుకుంది. "డబ్బు తిరిగివ్వక్కర్లేదు. ఒక్కసారి, ఒక్కసారి చూస్తే చాలు."

ఓడ్లౌగ్ ఫోన్ తీసింది. తమ్ముడికి కలిపి స్పీకర్లో పెట్టింది. మేమంతా విన్నాం; వెనకవాళ్ళిద్దరికీ అర్థమయ్యేలా నేను చెబుతూ పోయాను.

"ఎవరు చచ్చారు?" అన్నాడు తోర్లైఫ్.

"ఎవరూ చావలేదు. నీ పైన ఆకాశం ఎలా ఉంది?"

"ఓహో. గుడి మూసేశారా అక్కా? కూడలి దాకా పోయి చూసుకున్నావా? గాలి మధ్యాహ్నమే తిరిగింది. నీకు చెప్పేవాడు లేడు పాపం."

"వాగకు. తెరిచుందా, మూసుందా?"

ఫోన్‌లో బస్సు తలుపు తీసిన చప్పుడైంది.

"ఏర్స్‌ఫ్యూర్ చివర. ఒక్క మబ్బు లేదు. నా పక్కన మాత్రం ఆపకు."

అతను ఫోన్ పెట్టేశాడు. వౌటర్ అన్నాడు: "మీమీద ఇంత కోపమున్నవాడు నిజమే చెప్పాడంటారా?"

"వాడు నా వాటా గురించి అబద్ధమాడతాడు, మా అమ్మ గురించి ఆడతాడు. మబ్బు గురించి ఆడడు. ఎక్కండి."

వచ్చిన రోడ్డే వెనక్కి. వౌటర్ దారి పొడవునా సణిగాడు. ట్రోమ్సో దాటి, వంతెన మీదుగా పెద్ద దీవిలోకి వెళ్ళి, ఏర్స్‌ఫ్యూర్ అనే సముద్రపు పాయ చివర ఆపేసరికి నక్షత్రాలు ఉప్పు చల్లినట్టున్నాయి.

"లైట్లార్పవే! చీకటికి అలవాటుపడ్డ నా టూరిస్టుల కళ్ళు పోతాయి!" చీకట్లోంచి తోర్లైఫ్ అరిచాడు.

ఆర్పింది. ఆపడానికి మరో చోటు లేదు. అతని పక్కనే ఆపింది.

తర్వాత నిలబడటమే. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కొండమీద బూడిదరంగు చార ఒకటి కనబడింది.

"మళ్ళీ మబ్బు!" అన్నాడు వౌటర్. "నేను బస్సులో కూర్చుంటా."

"కూర్చోండి. మబ్బైతే దాని వెనక నక్షత్రాలు కనబడవు. చూడండి, కనబడుతున్నాయి," అంది ఓడ్లౌగ్.

అతను తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. చార పచ్చబడింది, వంకర తిరిగింది, ఉన్నట్టుండి తెగి మా నెత్తి మీదకు పరిగెత్తింది, అంచున గులాబీ రంగుతో. గోడెలీవ్ చెయ్యి చాచి మొగుడి కోటు పట్టుకుంది.

వెలుగు సన్నగిల్లాక ఓడ్లౌగ్ ఫ్లాస్కులోంచి కాఫీ ఒక కప్పులో పోసి, తమ్ముడి బస్సు బంపరు మీద పెట్టింది.

"విషం కలిపావా?"

"విషం ఖరీదు. నీమీద ఎందుకు దండగ?"

అతను తాగాడు. "పడమటి గాలి వస్తే నిన్ను అడగను."

"అడక్కు."

మరుసటి వారం పడమటి గాలి వచ్చింది. చక్రం కీచు కోసం మళ్ళీ పక్క సీట్లో ఉన్నాను. ఫోన్ మోగింది, తెర మీద తమ్ముడి పేరు. ఓడ్లౌగ్ "హలో" అనకుండానే, "లోయ తెరిచుంది, గాడిదా," అని పెట్టేసింది.