ముప్పై ఒక్క రూపాయల నష్టం

భావనపాడులో మేమిద్దరం, అత్తా నేనూ, ఒకే చీటీ కట్టేవాళ్ళం. నెలకు పది రూపాయలు, ఆమె అయిదు, నేను అయిదు. పన్నెండు మంది ఆడవాళ్ళం. నెలకొకరు నూట ఇరవై తీసుకోవాలి. ముందు కావాలన్నవాళ్ళు పాట పాడేవాళ్ళు. ఎవరు ఎక్కువ నష్టానికి ఒప్పుకుంటే చీటీ వాళ్ళది. ఆ నష్టాన్ని పన్నెండు మందికీ పంచేవాళ్ళు. ఆఖరి నెల మార్గశిరంలో పాట ఉండదు, మొత్తం నూట ఇరవై చేతికొస్తుంది. దాన్ని మా వీధిలో నిండు చీటీ అనేవాళ్ళు. నిండు చీటీ తీసుకున్నావిడ నాలుగు రోజులు తలెత్తుకు తిరిగేది. మా అత్త ఏటా అదే తీసుకునేది.

ఆ ఫాల్గుణంలో వలలు నిండుగా వచ్చాయి. ఇసకంతా చేపలు ఆరేశారు. ఎండుచేప బుట్ట ఆరు రూపాయలు. వానలొచ్చి పడవలు ఒడ్డునే ఉండే శ్రావణంలో అదే బుట్ట టెక్కలి సంతలో తొమ్మిది పలుకుతుంది. అప్పటికి సరుకు లేకపోతే కిందటేడులాగే షావుకారు చేపలు ఆరేసే కళ్ళంలో కూలికి బుట్టలు మోయాలి. ఆ కూలి తలుచుకుంటేనే నాకు మెడ నొప్పి పుట్టేది. కళ్ళంలో ఉన్న సరుకు ఆదివారం దాకానే దొరుకుతుంది. కొనడానికి మాకున్నదల్లా చీటీ.

అప్పటికి నాకు అక్షరం రాదు, యాభై దాటాక నేర్చుకున్నాను. లెక్క మాత్రం చింతపిక్కలతో వేసేదాన్ని. బుట్టకొక పిక్క. తొంభై చేతికొస్తే పదిహేను బుట్టలు. బండి కూలీ, సంత పన్ను కలిపి బుట్టకు ముప్పావలా. అవి పోగా నూట ఇరవై మూడున్నర దాటుతుంది. అంతకు మించి నష్టపోతే ఏం మిగులుతుందోనని నాకే భయంగా ఉంది.

పాట జరిగేది చీటీ నడిపే ముసలమ్మ అరుగు మీద. మధ్యాహ్నం ఎండ. నాకు పోటీగా జీడిపిక్కలు కొని పలాస కార్ఖానాలకు వేసే ఆమె కూర్చుంది. కోతల కాలం, ఆమెకూ డబ్బు ఇప్పుడే కావాలి.

"పది," అందామె.

"పదిహేను," అన్నాను.

అత్త నా మోచేయి గట్టిగా పట్టుకుంది. "ఏటే పిల్లా, మతిపోనాదేటి? మార్గశిరంలో ఒక్క పైసా పోకుండా నూటిరవై వస్తాది గదా."

"ఇరవై," అంది పిక్కలామె. "అత్తా కోడళ్ళు ఇంట్లో తేల్చుకుని రావాల."

అందరూ నవ్వారు. అత్త ముఖం ఎర్రబడింది. సగం సొమ్ము ఆమెది. ఆమె కాదంటే నా పాట చెల్లదు.

ఇరవై అయిదు అన్నాను. ఆమె ఇరవై ఎనిమిది అంది. నేను ఇరవై తొమ్మిది. ఆమె ముప్పై.

ముప్పై ఒకటి అంటే ఎనభై తొమ్మిదే వస్తాయి. పద్నాలుగు బుట్టలు, అయిదు రూపాయలు మిగులు. ఒళ్ళో చింతపిక్కలు రెండుసార్లు లెక్కపెట్టాను. ఖర్చులు పోగా మిగిలేది నూట ఇరవై, ఎనిమిదణాలు.

అత్తకు చెవిలో చెప్పాను.

"అదే నూటిరవై గదేటి," అంది ఆమె. "మరెందుకీ తిప్పలు?"

"అదే గానత్తా, శ్రావణంలో వస్తాది. మీ నూటిరవై మార్గశిరంలో. మజ్జెన నాలుగు నెల్లు ఆ డబ్బు కూకోదు గదా, మళ్ళీ సరుకు కొంటాది."

"సేపలు తడిసిపోతే?"

"తడిసిపోతే పోతాది," అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ముసలమ్మ ఒకటోసారి అంది. రెండోసారి అంది. అత్త పెదవులు కదులుతున్నాయి. శ్రావణం నుంచి నెలలు వేళ్ళ మీద లెక్కపెడుతోంది. నాలుగో వేలు దగ్గర ఆగింది.

"ముప్పై ఒకటి," అంది అత్త, నాకన్నా ముందు.

పిక్కలామె మా ఇద్దరినీ చూసి, "నిండు సీటీ అత్త కూడా మారిపోనాదా," అని చీర సర్దుకుని లేచింది.

ఆదివారానికి పద్నాలుగు బుట్టలు మా ఇంట్లో ఉన్నాయి. పడుకోవడానికి చోటు లేదు. ఆషాఢంలో వాన వచ్చిన ప్రతిసారీ అత్త లేచి బుట్టల కింద చేయి పెట్టి తడి చూసేది.

శ్రావణంలో రెండు సంతల్లో అమ్మేశాం. ధర తొమ్మిదే పలికింది. ఖర్చులన్నీ పోగా చాప మీద నూట ఇరవై, ఎనిమిదణాలు పోశాం. అత్త ఎనిమిదణాలు నా వైపు తోసి, మిగిలినవి కొంగున ముడేసుకుంది.

"దాసీసుకుందామేటత్తా?" అన్నాను.

"దాసుకుంటే ఇదేటి పెరుగుతాది?" అంది. "పలాసలో మిరపకాయలు సవగ్గా ఉన్నాయట. రేపు బండెక్కుదాం, బేగి లెగు."