రేటు పెరిగినంక

“రూపాయి పడిపోయిందట కదక్కా, ఇంక నీకు పండగే పండగ!”

సెలవు మీద సికింద్రాబాద్ వచ్చిన మొదటి ఆదివారం, చర్చి మెట్ల మీద తెలిసినమ్మాయి ఒకతె నుంచి నాకు దొరికిన పలకరింపు ఇది. ఎలా ఉన్నావు, చిక్కిపోయావు, ఎన్నాళ్లుంటావు, ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది. పడింది డాలరు ముందు తల్లీ, నాకు జీతం డాలర్లలో రాదు అన్నాను. “ఏదైనా ఫారిన్ డబ్బే కదక్కా” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఏం మనుషులురా బాబూ!

నేను జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తాను, అన్నం తినిపిస్తాను, పక్కబట్టలు మారుస్తాను. జీతం యెన్లలో. నేరేడ్‌మెట్‌లో మేం కొన్న ఫ్లాటు అప్పు మాత్రం రూపాయల్లో. నెలకు ముప్పై మూడు వేలు, అయిదో తారీఖున నా ఎన్నారై ఖాతాలోంచి బ్యాంకు దానంతటదే లాక్కుంటుంది. నేను వెళ్లిన కొత్తలో పది వేల యెన్లు పంపితే ఆరు వేల ఆరువందలు వచ్చేవి. యాభై వేల యెన్లతో కిస్తీ తీరిపోయేది. డాలరు ముందు రూపాయి పడిన మాట నిజమే, కానీ యెన్ అంతకంటే ఘోరంగా పడింది. ఇప్పుడు అదే పది వేలకు అయిదున్నర వేలు. కిస్తీలో ఒక్క రూపాయి మారలేదు, నా జీతంలో ఒక్క యెన్ మారలేదు, అయినా కిస్తీకి అరవై వేల యెన్లు పోయాలి. ఆ పది వేల తేడా నా కూరగాయల్లోంచి, చలికాలం హీటర్లోంచి తీశాను. గదిలో కోటు వేసుకుని పడుకునేదాన్ని.

అసలు మా ఒప్పందం తేలికగానే ఉండేది. కిస్తీ నాది, ఇంటి ఖర్చు మా ఆయనది. ఆయన పద్మారావు నగర్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో సూపర్‌వైజరు. మూడేళ్ల కాంట్రాక్టు అయ్యేలోపు కిస్తీ కట్టగా మిగిలింది కూడా అసలులో వేసి, అప్పు సగానికి దించి, నేను వచ్చేయాలి. మా అమ్మాయి హైస్కూలుకు వచ్చే వేళకు ఇంట్లో ఉండాలి. నా వీసా మీద పిల్లల్ని తీసుకుపోనివ్వరు కాబట్టి వేరే దారి లేదు. యెన్ పడ్డాక మిగలడం అన్న మాటే లేకుండా పోయింది.

తేడా వరకు మీరు వేయరా అని ఫోన్‌లో అడిగాను. రూపాయల్లో నెలకు ఆరు వేలు కూడా లేదు. ఆయన వినలేదు. దానికి బదులు రేటు చూడటం మొదలుపెట్టాడు. క్రికెట్ స్కోరు చూసినట్టు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి.

“జెర ఆగు. ఇయ్యాల పంపకు. వచ్చే వారం పెరుగుతది.”

“అయిదో తారీఖు వస్తోంది కదండీ.”

“అరే, ఎందుకంత పరేషాన్ అయితవ్? నేను చూస్తున్న కదా.”

నేనూ ఆశపడ్డాను, ఎందుకు దాచాలి? అరవై వేలు పంపాల్సిన చోట యాభై అయిదుతో సరిపోతే నెలంతా గుడ్లు తినొచ్చు. ఆగాను. యెన్ ఇంకా కిందికి దిగింది. అయిదో తారీఖు దాటింది, ఖాతాలో డబ్బు లేదు, కిస్తీ తిరిగిపోయింది. బ్యాంకు జరిమానా వేసింది. దానిపైన, దిగిపోయిన రేటుకే గబగబా పంపాను. అప్పుడు ఆయన ఏమన్నాడో తెలుసా? “పంపాల్సింది నువ్వు. నేనేం చేస్త?” అన్నాడు. ఫోన్ పెట్టేసి, నేను స్నానం చేయించాల్సిన ముసలావిడ ముందు నిలబడి ఏడ్చాను. ఆమెకు ఏం అర్థమైందో, తన తువ్వాలు నాకిచ్చింది.

అందుకే ఈసారి సెలవుకు ఒకే పని పెట్టుకుని వచ్చాను. కాంట్రాక్టు అయిపోవస్తోంది. ఇంకో రెండేళ్లు ఉంటావా అని అక్కడివాళ్లు అడుగుతున్నారు. అప్పు గడువు పెంచితే కిస్తీ తగ్గుతుంది, వడ్డీ మొత్తం మీద ఎక్కువ పడినా సరే. ఇక్కడే ఏదో ఆసుపత్రిలో కుదురుకుంటే ఆయనా నేనూ కలిసి కట్టుకోవచ్చు. యెన్‌తో పీడ వదులుతుంది. నేను ఇంట్లో ఉంటాను.

మారేడ్‌పల్లిలో మా బ్యాంకుకు ఇద్దరం వెళ్లాం. లోన్ల ఆఫీసరు, ముక్కు మీద కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి, నా మాట ఓపికగా విన్నాడు.

“ఒకసారి కిస్తీ తప్పింది, అది అడుగుతారమ్మా. అయినా పైకి రాసి చూద్దాం. కిస్తీ ఇరవై ఆరు వేలకు దగ్గరగా రావచ్చు. ఇద్దరి పేర్న ఉంది కాబట్టి ఇద్దరూ సంతకం చేయాలి.”

నేను చేశాను. పెన్ను మా ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

“సార్, ఇప్పుడే ఎందుకు సార్ తొందర? ఈమె ఇంకా రెండేండ్లు ఆడ్నే ఉంటది. యెన్ పెరుగుతది సార్, నేను రోజూ చూస్తున్న. అప్పుడు అసల్ల ఎక్కువ కట్టేస్తం.”

“నేను వచ్చేస్తానంటున్నాను కదా” అన్నాను.

“వచ్చి ఏం చేస్తవ్?” అన్నాడు, నా వైపు తిరగకుండానే. “ఈడ నీకు పదిహేను వేలిస్తరు. నా జీతం మొత్తం కిస్తీకి పొయ్యమంటవా? ఆ ముసలోళ్లను ఇంకో రెండేండ్లు కడిగితే ఏం పోతది నీకు?”

పక్క కౌంటర్ల దగ్గరివాళ్లు తలలు తిప్పి చూశారు. ఆఫీసరు కాగితాన్ని నెమ్మదిగా తన వైపు లాక్కున్నాడు. “ఇంట్లో మాట్లాడుకుని రండమ్మా” అన్నాడు. ఆ ఆఫీసరు గొంతులోని జాలి నాకు చెంపదెబ్బకంటే ఎక్కువ తగిలింది. బండి మీద ఇంటికి వచ్చాం.

ఇంట్లో అమ్మాయి ఉంది. పన్నెండేళ్లు నిండాయి. దాన్ని అడిగితే చాలు, ఆయన నోరు మూయించేస్తుంది అనుకున్నాను. కూతురు అమ్మ వైపే ఉంటుందని అంత ధీమా. పక్కన కూర్చోబెట్టుకుని జడ వేస్తూ, “నేనింక జపాన్ పోనురా, ఇక్కడే ఉండిపోతా” అన్నాను.

అది తల తిప్పి నన్ను చూసింది. నేను అనుకున్న సంతోషం దాని మొహంలో కనిపించలేదు. టీపాయ్ మీద ఉన్న ఫోన్ అందుకుని, వేలితో రెండుసార్లు తట్టి చూసింది. అది చూసేది ఏమిటో నాకు తెలుసు. యెన్ పడ్డప్పట్నుంచీ అది సైకిలు అడిగినా, స్కూలు టూరు అడిగినా, మమ్మీ ఎప్పుడొస్తదని అడిగినా వాళ్ల నాన్న చెప్పిన జవాబు ఒక్కటే: రేటు పెరిగినంక.

“ఇంకా పెరగలే మమ్మీ” అంది, నా తెలివితక్కువతనానికి విసుక్కుంటూ. “అప్పుడే ఎందుకొచ్చినవ్?”

వంటింట్లోంచి ఆయన నవ్వు వినిపించింది. “చూసినవా, దానికి సుత తెలుసు” అన్నాడు.

నేను జడ పూర్తిచేశాను. రిబ్బను కట్టాను. మర్నాడు పొద్దున్నే జపాన్‌కు ఫోన్ చేసి, రెండేళ్లకు సరేనన్నాను.