ఆరు లక్షల కప్పుల షరతు

జీడిమెట్లలో పేపరు కప్పులు చేసే మా బావమరిదికి హైటెక్ సిటీలోని ఒక ఐటీ కంపెనీయే ఆధారం. కప్పులమ్మే మరొకాయన ఆ కంపెనీకి కప్పుకు ఐదు పైసలు తగ్గిస్తానన్నాడని తెలిసి, పత్రికలో పనిచేసినవాణ్ణని నాచేత ఉత్తరం రాయించాడు. మూడు నెలల్లో ఆరు లక్షల కప్పులు దాటితే, మొత్తం కొనుగోలుపై ఐదు శాతం క్రెడిట్ నోటుగా, అంటే తర్వాతి బిల్లులో తగ్గించి, వెనక్కిస్తామని రాశాను. అంత సరుకు పోతేనే అతనికి గిట్టుబాటవుతుంది.

ఇద్దరం వెళ్లి ఇస్తే, ఆ కంపెనీ కొనుగోళ్ల మేనేజరు చదివి నవ్వాడు.

"మంచిగ రాసిన్రన్నా. గని గంతమంది తాగెటోళ్లేరి? వచ్చే నెల రెండు ఫ్లోర్లు ఖాళీ చేస్తున్నం. గా ఇంకొకాయనైతే ఎన్ని కొన్నా తగ్గిస్తడు."

"పోనీ మూడు లక్షల కప్పులు దాటినా ఇస్త సార్," అన్నాడు బావమరిది.

"గప్పుడు నీకేం మిగుల్తది?"

బావమరిది ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లిఫ్టులో దిగుతూ, "బావా, మిషన్ అమ్మితే ఎవరన్నా కొంటరా?" అని అడిగాడు.